గంట మాటకు ఆరు గంటల పని

ఫైలు నిడివి సరిగ్గా గంట. మాట్లాడింది ఇద్దరే. ఒకరు ప్రశ్నలు అడుగుతున్న పరిశోధక విద్యార్థి, మరొకరు కౌలు రైతు. వెనకాల టీ గ్లాసుల గలగల, మధ్యలో ఒక ట్రాక్టరు వెళ్లిన చప్పుడు. ఇదంతా తెలుగులో టైపు చేసి ఇవ్వాలి, ఆడియో నిమిషానికి 20 రూపాయలు అన్నారనుకుందాం. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు వేసుకునే లెక్క చాలా తేలిక. అరవై నిమిషాలు, ఇరవై రూపాయల చొప్పున పన్నెండు వందలు. గంటకో, మహా అయితే రెండు గంటలకో పన్నెండు వందలు వస్తాయంటే ఎవరికి చేదు? తీరా పొద్దున కూర్చుంటే, మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి ఫైలు ఇంకా 34వ నిమిషం దగ్గరే ఉంటుంది.

విన్న మాటను రాతలో పెట్టే ఈ పనిని ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. డాక్టర్లు చెప్పిన రోగి వివరాలు, లాయర్లు నమోదు చేసిన వాంగ్మూలాలు, పరిశోధకుల ఇంటర్వ్యూలు, వీడియోల కింద వచ్చే సబ్‌టైటిళ్లు, అన్నీ దీనికిందకే వస్తాయి. కూలి మాత్రం చాలాచోట్ల పనిచేసిన గంటలకు కాదు, ఆడియో నిమిషాలకు. కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఇంగ్లీషులో స్పష్టంగా మాట్లాడిన గంట ఆడియోకు చేయి తిరిగినవారికి నాలుగు గంటలు, కొత్తవారికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుందని ఈ రంగంలో ఎప్పటినుంచో ఉన్న అంచనా. పన్నెండు వందలను నాలుగుతో భాగిస్తే గంటకు 300 వస్తుంది. ఎనిమిదితో భాగిస్తే 150. ఒకే ఫైలు, ఒకే రేటు. ఇద్దరి సంపాదనలో మాత్రం సగానికి సగం తేడా.

హైదరాబాదుకు ఈ లెక్క కొత్త కాదు. 1990ల చివర, 2000ల మొదట్లో నగరంలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ శిక్షణ బోర్డులు గల్లీగల్లీకీ వెలిశాయి. అమెరికాలో డాక్టరు సాయంత్రం తన గొంతులో చెప్పి పెట్టిన వివరాలు ఇక్కడ పగటిపూట టైపయ్యేవి. ఆయన మరునాడు ఆసుపత్రికి వచ్చేసరికి కాగితం సిద్ధంగా ఉండేది. రెండు దేశాల మధ్య పగలూ రాత్రీ తేడాయే ఆ వ్యాపారానికి పెట్టుబడి. అక్కడ కూలి లైనుకింత. లైనంటే కంటికి కనిపించే వరస కాదు, ఖాళీలతో కలిపి 65 అక్షరాలు. నిమిషానికి 150 ఇంగ్లీషు మాటలు చెప్పే డాక్టరైతే, మాటకు ఖాళీతో కలిపి ఆరు అక్షరాలు వేసుకున్నా, నిమిషానికి 900 అక్షరాలు, అంటే దాదాపు 14 లైన్లు. ఆ రోజుల్లో పనిచేసినవారు నెల చివర జీతం కంటే ముందు లైన్లు లెక్కపెట్టుకున్నది ఇందుకే.

ఇక వేగం సంగతి. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసైనవారికి నిమిషానికి 30 పదాలు, 45 పదాలు అనే మాట బాగా తెలుసు. అయితే ఈ ‘పదం’ నిఘంటువులో పదం కాదు. ఐదు మీట నొక్కులు ఒక పదం. కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఇంగ్లీషులో నిమిషానికి 35 పదాలు కావాలన్నప్పుడు, దాన్నే గంటకు 10,500 నొక్కులని కూడా చెబుతుంది. 35ను ఐదుతో, ఆపై 60తో హెచ్చవేస్తే వచ్చేది అదే. తప్పులుంటే వేగం తగ్గుతుంది. ఐదు నిమిషాల్లో 1,500 నొక్కులు కొట్టినవారి మొత్తం వేగం 60 పదాలు. అందులో దిద్దకుండా వదిలిన తప్పులు పది ఉంటే నిమిషానికి రెండు చొప్పున తీసేస్తారు. నికర వేగం 58.

ఈ కొలబద్ద తెలుగుకు తెచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ‘స్త్రీ’ చూడ్డానికి ఒకే అక్షరం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు నొక్కులు. పైగా మన భాషకు మాటలు అతుక్కునే అలవాటు ఉంది. ‘వెళ్ళిపోతున్నాడనుకున్నాను’ అని నోటితో అనడానికి రెండు సెకన్లు చాలు. కీబోర్డు మీద 25 నొక్కులు. ఇన్‌స్టిట్యూట్ లెక్కలో అది ఒక మాట కాదు, ఐదు. ఇంగ్లీషులో 45 కొట్టే మనిషి తెలుగు ఫైలు ముందు తడబడితే అది వేళ్ల తప్పు కాదు, కొలబద్ద తేడా. తెలుగు పని ఒప్పుకునేముందు నిమిషానికి ఎన్ని మాటలని కాకుండా ఎన్ని నొక్కులని చూసుకోవడం మేలు.

ఇప్పుడు కౌలు రైతు ఫైలు దగ్గరికి వద్దాం. ఆయన తీరుబడిగా మాట్లాడతాడు. నిమిషానికి 100 మాటలు, మాటకు ఖాళీతో కలిపి 8 నొక్కులు అనుకుందాం. గంటకు 48,000 నొక్కులు. నిమిషానికి 200 నొక్కులు కొట్టేవారికి టైపుకే 240 నిమిషాలు కావాలి. 300 కొట్టేవారికి 160. తేడా గంటా ఇరవై నిమిషాలు. తక్కువేమీ కాదు. కానీ మిగతా సమయం ఇద్దరికీ ఒక్కటే. వినబడనిచోట వెనక్కి వెళ్లి మళ్లీ వినడానికి నిమిషం ఆడియోకు 48 సెకన్లు పోయినా మొత్తం 48 నిమిషాలు. టైపయ్యాక కాగితం చూస్తూ మొదటినుంచి మళ్లీ వినాలి, దిద్దుకోవడంతో కలిపి 70 నిమిషాలు. పేర్లు, ఊళ్లు, పథకాల పేర్లు సరిచూడటానికి ఇంకో పావుగంట. మొదటివారికి ఆరు గంటల పైచిలుకు, రెండోవారికి ఐదుకు కాస్త తక్కువ. వేళ్ల వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే పని సమయం ఐదో వంతు చిల్లరే తగ్గింది.

మరి మిగతాది ఎక్కడ తగ్గించాలి? ముందుగా మౌస్ దగ్గర. ఆడియో ఆపడానికి చెయ్యి కీబోర్డు వదిలి మౌస్ మీదికి వెళ్లి తిరిగి రావడానికి మూడు సెకన్లే. నిమిషం ఆడియోలో పదిసార్లు ఆపితే అర నిమిషం. గంట ఫైలుకు అరగంట. పై లెక్కలో ఈ అరగంట కలపనే లేదు. అందుకే పాతకాలం డిక్టేషన్ యంత్రాల నాటినుంచీ ఈ పనివాళ్ల బల్లకింద కాలిపెడల్ ఉంటుంది. దర్జీ మిషన్ తొక్కినట్టు కాలితో నొక్కితే మాట నడుస్తుంది, తీస్తే ఆగుతుంది. చేతులు కీబోర్డు మీదినుంచి కదలవు. ఇప్పుడవి యూఎస్‌బీతో కంప్యూటరుకు తగిలించేలా దొరుకుతున్నాయి. ఎక్స్‌ప్రెస్ స్క్రైబ్ లాంటి సాఫ్ట్‌వేర్లు వాటితో నడుస్తాయి.

పెడల్ కొనలేనివారికి మీటలే పెడల్. ఓట్రాన్స్‌క్రైబ్ అనే ఉచిత సాధనం బ్రౌజరులో తెరుచుకుంటుంది. అందులో Esc నొక్కితే ఆడియో ఆగుతుంది, మళ్లీ నొక్కితే నడుస్తుంది. F1 వెనక్కి, F2 ముందుకు, F3 నొక్కితే మాట నెమ్మదిస్తుంది, Ctrl+J ఆ క్షణపు సమయాన్ని పేజీలో వేస్తుంది. ఆడియో ఫైలు మన కంప్యూటరు దాటిపోదు కాబట్టి ఇతరుల గొంతులు బయటి సర్వరుకు పంపామన్న భయం లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. టైపు చేసిందంతా బ్రౌజరులోనే దాచుకుంటుంది కనక, ఎవరైనా బ్రౌజరు డేటా ‘శుభ్రం’ చేశారంటే ఆరు గంటల కష్టం గంగపాలు. గంటకోసారి బయటికి తీసి భద్రపరచుకోవాలి.

ఏ సాధనమైనా ఆపి మళ్లీ నడిపినప్పుడు తనంతట తానే ఒకటి రెండు సెకన్లు వెనక్కి వెళ్లేలా పెట్టుకోవాలి. చిన్న సంగతిలా కనిపిస్తుంది కానీ సగం తెగిన మాటను పట్టుకోవడానికి చేసే ప్రయాస అంతా దీంతో పోతుంది. నెమ్మదించడానికీ ఒక హద్దుంది. సగం వేగానికి దించితే హల్లులు సాగిపోయి ఇంకా అర్థం కాకుండా పోతాయి. ముప్పావు వేగం చాలామందికి సరిపోతుంది.

రెండో ఆదా పొట్టి రాతల్లో ఉంది. ఫైలులో పదేపదే వచ్చే పొడుగు మాటలకు పొట్టి గుర్తులు పెట్టుకుంటే కంప్యూటరే విడమరిచి రాస్తుంది. వర్డ్‌లో ఉన్న ఆటోకరెక్ట్ ఇందుకు చాలు. మెడికల్ పనివాళ్లు వందల గుర్తులు పోగేసుకుంటారు. ఆటోహాట్‌కీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో అయితే ఇలా రాస్తారు:

```
::pthx::The patient has a history of
::sob::shortness of breath
```

మొదటిదాంట్లో నాలుగు అక్షరాలు కొడితే ఐదారు మాటలు వస్తాయి. రెండోది చూడ్డానికి తెలివిగా ఉన్నా ఉచ్చు. ఇంగ్లీషులో అది వెక్కివెక్కి ఏడవడం అనే అర్థమున్న మాట కూడా. డాక్టరు రోగి ఏడుపు గురించి చెప్పిన రోజున కాగితం మీద ఆయాసం వచ్చి కూర్చుంటుంది. అసలు మాటల్లో లేని అక్షరాల కూర్పులే గుర్తులుగా పనికొస్తాయి.

చప్పుడు తగ్గించడం మూడోది. దీన్ని మితంగా వాడాలి. ఆడాసిటీలో ఎవరూ మాట్లాడని రెండు మూడు సెకన్ల ముక్కను ఎంచి, ఇది చప్పుడు అని దానికి చూపించాలి. ఆ తరువాత ఫైలంతా ఎంచి అలాంటి చప్పుడును తగ్గించమనాలి. ఫ్యాను హోరు, ఏసీ గుయ్యిమనే శబ్దం దీనికి లొంగుతాయి. ట్రాక్టరు లొంగదు. అది వస్తూ పోతూ మారే చప్పుడు. మరీ గట్టిగా తగ్గిస్తే స, శ, ష ల సన్నటి ధ్వని కూడా చప్పుడుతో పాటే కొట్టుకుపోయి, మాటలు నీళ్లలోంచి వచ్చినట్టు వినబడతాయి. అలా వినబడిందంటే ఎక్కువ చేశామని గుర్తు. అసలు ఫైలును ముట్టకుండా నకలు మీదే ఈ ప్రయోగాలు చేయాలని వేరే చెప్పనక్కర్లేదు. చాలామంది ఒకసారి పోగొట్టుకున్నాకే నేర్చుకుంటారు.

కచ్చితత్వం గురించి అడిగితే కంపెనీలు 98 శాతం, 99 శాతం అంటాయి. వినడానికి గొప్పగా ఉంటుంది. మన ఫైలులో 6,000 మాటలున్నాయి. 99 శాతమంటే 60 తప్పులు. 98 అంటే 120. ఆ అరవై ఎక్కడ పడ్డాయన్నదే అసలు ప్రశ్న. లెక్క కట్టే పద్ధతిలో మారిన మాట, వదిలిన మాట, అదనంగా చేర్చిన మాట, అన్నీ ఒక్కో తప్పే. ‘కాబట్టి’ బదులు ‘కనుక’ రాయడమూ ఒక తప్పే, రక్తపోటు ఎక్కువని చెబితే తక్కువని రాయడమూ ఒక తప్పే. అందుకే మెడికల్ పనిలో రోగికి హాని చేయగల తప్పులను విడిగా తూకం వేస్తారు. మందు మోతాదు ఇంగ్లీషులో ఫిఫ్టీనో ఫిఫ్టీయో తేలకపోతే ఊహించి రాయకుండా ఖాళీ వదిలి, సమయం గుర్తు పెట్టి డాక్టరుకే పంపడం అక్కడి నియమం.

తెలుగులో ఇంకో తంటా ఉంది. ‘వచ్చి ఉంటాడు’ అని ఒకరు, ‘వచ్చుంటాడు’ అని ఇంకొకరు రాస్తారు. చదివేవారికి రెండూ ఒకటే. మాటలు లెక్కపెట్టి పోల్చే ప్రోగ్రాముకు మాత్రం ఒక మాట మారింది, ఒక మాట పోయింది, మొత్తం రెండు తప్పులు. మాటలు ఎక్కడ విడదీయాలో, అంకెలు అంకెల్లోనా అక్షరాల్లోనా, ఇంగ్లీషు మాటలు ఏ లిపిలో అన్నది పని ఇచ్చినవారినుంచి రాతపూర్వకంగా తీసుకోకపోతే కష్టపడి సరిగ్గా రాసినవారికీ 90 శాతమే వస్తుంది.

‘క్లీన్’ ట్రాన్స్‌క్రిప్ట్ అడిగినప్పుడు ఏం తీయాలి, ఏం ఉంచాలి? రైతు మాట ఇలా ఉందనుకుందాం: “అంటే, మరి, పోయినేడు వానల్లేవు గద సార్, అంటే, అప్పు తెచ్చి కౌలు కట్టిన. కౌలు అంటే, ఎకరానికి పదిహేను వేలు.” మొదటి రెండు ‘అంటే’లూ, ‘మరి’ ఊపిరి పీల్చుకోవడానికి వాడినవి, తీసేయవచ్చు. ‘కౌలు అంటే’లో ఉన్నది అర్థమున్న మాట, ఉండాలి. తీసేవన్నీ ఒక్క దెబ్బతో తీసేద్దామని ‘అంటే’ను వెతికి తుడిచేసేవారు ఇక్కడే దొరికిపోతారు. ఇంతకంటే పెద్ద పాపం ‘కట్టిన’ను ‘కట్టాను’ చేయడం. క్లీన్ అంటే నసుగుడు తీయడమే. యాస దిద్దడం కాదు. ఆ మనిషి ఏ నేలవాడో చెప్పేది ఆ క్రియ చివరి అక్షరమే. పరిశోధకుడికి కావలసింది సరిగ్గా అదే కావచ్చు.

ఆ అంకె దగ్గరే ట్రాక్టరు వెళ్లింది. పదిహేనా, పదిహేడా? చివరి అక్షరం చప్పుడులో కలిసిపోయింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, ముప్పావు వేగంలో, మూడుసార్లు విన్నా తేలలేదు. మూడుసార్లకు మించి వినడం దండగ. నాలుగోసారి చెవి తాను అనుకున్నదే వింటుంది. అక్కడ సమయం గుర్తు పెట్టి ముందుకు సాగాలి. ఇరవై నిమిషాల తరువాత రైతు “రెండెకరాలకు ముప్పై వేలు కౌలుకే పాయె” అన్నాడు. ఎకరానికి పదిహేడైతే ముప్పై నాలుగు కావాలి. కనక పదిహేనే. రెండోసారి వినేటప్పుడు గుర్తు పెట్టినచోటికి వెళ్లి దిద్దుతారు. ఆ ముప్పై వేల మాట రాకపోయి ఉంటే గుర్తు గుర్తుగానే ఉండాలి.

మాటను తనంతట తానే రాసే యంత్రాలు వచ్చాక ఇదంతా ఎందుకన్న ప్రశ్న సహజం. 2022 సెప్టెంబరులో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన విస్పర్‌ను సొంత కంప్యూటరులోనే, ఇంటర్నెట్ లేకుండా నడుపుకోవచ్చు. ఇంగ్లీషులో స్పష్టమైన ఒక్క గొంతు ఉంటే చిత్తుప్రతి చకచకా ఇస్తుంది. టైపు సమయం దాదాపు పోయి దిద్దుడు మిగులుతుంది. తెలుగులో, అందులోనూ యాసతో, ట్రాక్టరుతో అయితే దిద్దడం కంటే మొదటినుంచి కొట్టుకోవడమే నయమనిపించే పేజీలు ఎదురవుతాయి. ఐదు నిమిషాల ముక్కను రెండు విధాలా చేసి గడియారం చూసుకుంటే ఏది లాభమో తేలిపోతుంది.

యంత్రం తప్పుకూ మనిషి తప్పుకూ పోలిక లేదు. మనిషికి వినబడకపోతే ఖాళీ వదులుతాడు. యంత్రం నిండుగా, నున్నగా ఒక వాక్యం రాసేస్తుంది. 2024లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు విస్పర్‌ను పరీక్షించినప్పుడు దాదాపు ఒక శాతం ఆడియో ముక్కల్లో ఎవరూ అనని వాక్యాలు, పదబంధాలు రాతలో కనిపించాయి. మాటల మధ్య మౌనం ఎక్కువగా ఉన్నచోట ఈ బెడద ఎక్కువ. పట్టుకునే ఉపాయమూ అందులోనే ఉంది. తెరమీద ధ్వని తరంగం సన్నని గీతలా పడుకున్నచోట కాగితం మీద మాటలుంటే అనుమానించాలి. ఒకే వాక్యం వరసగా రెండు మూడుసార్లు వస్తే మరీ అనుమానించాలి. పదిహేను, పదిహేడు దగ్గర యంత్రం తటపటాయించదు. ఏదో ఒకటి రాసి సాగిపోతుంది. అందుకే చిత్తుప్రతి యంత్రం ఇచ్చినా రెండోసారి వినే 70 నిమిషాలు తగ్గవు. ఆ మాటకొస్తే ఇప్పుడు కూలి ఎక్కువగా ఆ నిమిషాలకే.

చివరగా, ఈ ‘98 శాతం’ అనే అంకెను మోసగాళ్లు కూడా బాగా నేర్చుకున్నారు. ఇంట్లో కూర్చుని టైపు చేస్తే వేలకు వేలు అంటూ ప్రకటన వస్తుంది. ఆన్‌లైన్‌లో ఒక ఒప్పందం మీద సంతకం చేయిస్తారు, లేదా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకుంటారు. వారం పది రోజులు చేసిన పని పంపాక, కచ్చితత్వం 98 శాతం రాలేదు, ఒప్పందం ఉల్లంఘించారు, పరిహారం కట్టకపోతే కోర్టుకు లాగుతామని లాయరు నోటీసు పేరిట బెదిరింపు వస్తుంది. తప్పులు ఎక్కడున్నాయో చూపించమంటే చూపించరు. నిజంగా పని ఇచ్చేవారు ముందు చిన్న ఆడియో ముక్కతో పరీక్ష పెడతారు, నియమాలు రాసిస్తారు, తప్పులను గుర్తుపెట్టి తిప్పి పంపుతారు, కూలి వాళ్లే ఇస్తారు. పనికోసం ముందు మీరే డబ్బు కట్టాలన్న చోట ఆగిపోండి. కట్టేసి ఉంటే, లేదా నోటీసు వచ్చి ఉంటే, భయపడి ఇంకా కట్టకండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు పోయిన వెంటనే చేస్తే, అది మోసగాళ్ల ఖాతా దాటకముందే నిలిపే అవకాశం ఉంటుంది.